ఫ్రిజ్ ఉన్నవాడు ధనికుడా? ఆస్తి సూచిక వెనుక ఉన్న లెక్క

మా లింగంపేటలో ఒక సమావేశానికి వెళ్లినప్పుడు ఒక యువ అధికారి నా ముందు ఒక పట్టిక పెట్టి, "మీ బస్తీ కుటుంబాల ఆస్తి స్కోరు బాగానే ఉంది కదా సార్, మరి వెనుకబాటు అంటారేమిటి?" అని అడిగారు. ఆయన దురుద్దేశంతో అడగలేదు. కంప్యూటర్ ఇచ్చిన అంకెను నమ్మి అడిగారు. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో అంకెలు దిద్దిన గుమస్తాను కాబట్టి, ఆ స్కోరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఊరుకోలేకపోయాను. తెలుసుకున్న తరువాత నాకు కలిగిన అభ్యంతరాన్నే ఇక్కడ రాస్తున్నాను. ముస్లింల వెనుకబాటు గురించిన వాదన రేపు ఎక్కడ జరిగినా ఈ స్కోరు ఎదురవుతుంది. అది ఎలా పుడుతుందో మనవాళ్లకు తెలియకపోతే జవాబు చెప్పలేము.

పేదరికాన్ని కొలవడానికి ఆదాయం అడగడం కష్టం. కూలికి వెళ్లే మనిషి తన ఏడాది సంపాదన చెప్పలేడు. చెప్పగలిగినవాడు నిజం చెప్పడు. ఖర్చు అడగాలంటే గంటల కొద్దీ కూర్చోవాలి. అందుకని సర్వే చేసేవారు కంటికి కనిపించే వస్తువుల గురించి అడుగుతారు. ఫ్యాన్ ఉందా, కుర్చీ ఉందా, ప్రెషర్ కుక్కర్, టీవీ, కుట్టుమిషన్, సైకిల్, మోటారు సైకిల్, ఫ్రిజ్ ఉన్నాయా, ఇంటి గోడ దేనితో కట్టారు, కప్పు ఏమిటి, నీళ్లు ఎక్కడివి అని. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్నలే ఉంటాయి. సమాధానం అవునైతే ఒకటి, కాదైతే సున్నా.

చిక్కు తరువాత మొదలవుతుంది. ఫ్రిజ్‌కు ఎన్ని మార్కులు, సైకిల్‌కు ఎన్ని? అధికారి ఇష్టానికి వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కో విధంగా వేస్తారు. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలు తీసుకుని ఫిల్మర్, ప్రిచెట్ అనే ఇద్దరు ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు ఈ మార్కులు గణితమే నిర్ణయించేలా చేశారు. మన దేశ రాష్ట్రాలలో పిల్లల బడి చేరికను సంపదతో పోల్చి చూసిన వారి వ్యాసం 2001లో అచ్చయింది. వారు వాడిన పద్ధతి పేరు ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్. దాని పని ఇంతే: ఏ వస్తువులు ఏ వస్తువులతో కలిసి ఒకే ఇంట్లో కనబడుతున్నాయో చూస్తుంది. ఇళ్ల మధ్య తేడా అన్నిటికన్నా ఎక్కువగా విస్తరించి కనబడే విధంగా ఒక్కొక్క వస్తువుకు ఒక బరువు ఇస్తుంది. ఆ బరువులతో కూడితే వచ్చేదే ఇంటి స్కోరు. తరువాత ప్రతి మనిషికీ తన ఇంటి స్కోరు ఇచ్చి, అందరినీ వరుసలో నిలబెట్టి, ఇరవై శాతం చొప్పున ఐదు భాగాలు చేస్తారు. అట్టడుగు భాగం "అతి పేద", పై భాగం "అతి ధనిక".

ఇందులో ఎక్కడా డబ్బు లేదు అన్నది గమనించండి. వస్తువు ధర ఎంత అని గణితం అడగదు. ఏది దేనితో కలిసి ఉంటుందో మాత్రమే దానికి తెలుసు. నా అభ్యంతరమంతా ఇక్కడి నుంచే.

లెక్క కళ్లకు కట్టడానికి ఎనిమిది ఇళ్లు ఊహిద్దాం. ఇవి నేను కల్పించిన ఇళ్లు, లెక్క మాత్రం నిజమైనది. నాలుగే ప్రశ్నలు: స్లాబు ఇల్లు, ఫ్రిజ్, సాగు భూమి, బర్రె. స్లాబు 1, 2, 3, 4 ఇళ్లకు ఉంది. ఫ్రిజ్ 1, 2, 3, 5 ఇళ్లలో ఉంది. భూమి 3, 6, 7, 8 ఇళ్లకు. బర్రె 2, 6, 7, 8 ఇళ్లకు. మొదటి నాలుగు ఇళ్లూ రోడ్డు పక్క బస్తీలో ఉన్నాయని, చివరి మూడూ పొలాల దగ్గర ఉన్నాయని అనుకోండి; ఐదో ఇల్లు రెంటికీ నడుమ.

ప్రతి వస్తువూ సరిగ్గా సగం ఇళ్లలో ఉంది. కాబట్టి సగటు తీసివేసి, తేడాల కొలతతో భాగిస్తే, ఉన్న ఇంటికి +1, లేని ఇంటికి −1 వస్తుంది. స్లాబు ఉన్నచోట ఫ్రిజ్ ఎక్కువగా ఉంది, భూమి ఉన్నచోట బర్రె ఎక్కువగా ఉంది. స్లాబు, ఫ్రిజ్ ఉన్నచోట భూమి, బర్రె తక్కువగా ఉన్నాయి. ఈ జతలన్నిటి సంబంధం లెక్కిస్తే మొదటి రకానికి +0.5, రెండవ రకానికి −0.5 వస్తుంది. అప్పుడు గణితం ఇచ్చే బరువులు ఇవి: స్లాబుకు +0.5, ఫ్రిజ్‌కు +0.5, భూమికి −0.5, బర్రెకు −0.5.

ఇప్పుడు కూడండి. మొదటి ఇంటికి స్లాబు, ఫ్రిజ్ ఉన్నాయి. భూమి, బర్రె లేవు. స్కోరు +2, ఊరిలో అందరికన్నా ధనికుడు. మూడో ఇంటికి స్లాబు ఉంది, ఫ్రిజ్ ఉంది, వాటిపైన భూమి కూడా ఉంది. స్కోరు +1. అంటే మొదటి ఇంటివాడికి ఉన్నవన్నీ ఉండి, అదనంగా భూమి ఉన్నవాడు ఒక మెట్టు కిందికి దిగాడు! నాలుగో ఇంటికి స్లాబు తప్ప ఏమీ లేదు, ఫ్రిజ్ కూడా లేదు. దాని స్కోరూ +1. బర్రె తప్ప అన్నీ ఉన్న మూడో ఇల్లు, స్లాబు తప్ప ఏమీ లేని నాలుగో ఇల్లు పక్కపక్కన కూర్చున్నాయి. ఆ స్లాబు అద్దెదో సొంతమో ప్రశ్నలో లేదు. చివరి మూడు ఇళ్లకు −2.

నాకు ఈ లెక్క తేలిన రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు కూడికలో లేదు, కూడిక చక్కగా ఉంది. గణితం కొలిచింది ధనాన్ని కాదు. రోడ్డు పక్క బతుకుకూ పొలం పక్క బతుకుకూ ఉన్న తేడాను. దానికి మనం "సంపద" అని పేరు పెట్టాం.

నేను ఊహించిన ఇళ్లలో దోషం స్పష్టంగా కనబడటానికి ఊరిని కావాలనే రెండుగా చీల్చాను. నిజమైన సర్వేలో ఇరవై, ముప్ఫై వస్తువులుంటాయి, భూమి బరువు ఇంత పెద్ద మైనస్ కాకపోవచ్చు. కాని పట్నపు వస్తువులు పైకి, సేద్యపు వస్తువులు కిందికి పోయే జబ్బు పండితులకు తెలియనిది కాదు. అందుకే ఈ రకం సర్వేలకు ప్రపంచమంతటా సూచికలు తయారుచేసిన రట్‌స్టీన్ 2008లోనే పట్టణానికి వేరుగా, పల్లెకు వేరుగా లెక్కించి తరువాత రెండింటినీ కలిపే పద్ధతి సూచించారు. మంచిదే. కాని లింగంపేట కాగితాల్లో గ్రామ పంచాయతీ. కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డు మీది మా బస్తీ, లోపలి తండా, రెండూ "పల్లె" గడిలోనే పడతాయి. పల్లె లోపలి పట్నాన్ని ఆ సవరణ పట్టుకోదు.

ఇది ముస్లింలకు ఎందుకు ఎక్కువగా తగులుతుంది? 2011 జనగణన ప్రకారం దేశంలో ముస్లింలలో సుమారు 40 శాతం పట్టణవాసులు. మొత్తం జనాభాలో ఆ వంతు 31 శాతమే. పల్లెలో ఉన్నవారు కూడా మా మండలంలో ఎక్కువగా రోడ్డు పక్కనే ఉంటారు: పంక్చర్ దుకాణం, మటన్ కొట్టు, ఆటో, వెల్డింగ్, పండ్ల బండి. చేతిలో మోటారు సైకిల్, గోడకు టీవీ, పాస్‌బుక్కులో గుంట భూమి లేదు. ఆస్తి సూచిక ఇలాంటి ఇంటిని పైకి ఎత్తుతుంది. లంబాడా సోదరుని ఎకరం మెట్ట భూమి అతణ్ణి ధనికుణ్ణి చేయదని నాకు తెలుసు. నా పోట్లాట తండాతో కాదు. ఇద్దరి పేదరికం రెండు రకాలు, ఒక్క తాడుతో రెండూ కొలవబడవు అంటున్నాను.

కుట్టుమిషన్ సంగతి వేరుగా చెప్పాలి. సర్వే జాబితాలో అది ఫ్యాన్, టీవీల పక్కన ఉంటుంది. సాధారణంగా వాటితో కలిసే కనబడుతుంది కాబట్టి దానికి ప్లస్ బరువు వస్తుంది. మా వీధిలో బీడీలు చుట్టడం మానేసి మిషన్ పట్టిన ఆడవాళ్లున్నారు. వారిలో ఒకామె నాతో అంది: "మిషన్ ఉందా అంటే ఉందన్నాను చాచా. దాని కిస్తీ ఇంకా కడుతున్నానని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు." ఆమెకు మిషన్ సౌకర్యం కాదు, కూలి పనిముట్టు. ఇంకొక ఇంట్లో అదే మిషన్ మూలన గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఒకటి, సున్నా రాసే కాగితానికి రెండూ ఒకటే. అప్పు ఆ కాగితంలో ఎక్కడా పడదు.

మరొక లోపం సున్నితమైనది. అందరికీ ఉన్న వస్తువు, ఎవరికీ లేని వస్తువు లెక్కలో చచ్చిపోతాయి, ఎందుకంటే తేడా లేనిచోట బరువు లేదు. ప్రతి ఇంటికీ కరెంటు వచ్చాక కరెంటు ప్రశ్న ఎవరినీ విడదీయదు. అట్టడుగున ఉన్న ఇళ్లన్నిటికీ ఒకేలా లేనివే ఎక్కువ. అందుకని వారంతా ఒకే స్కోరు దగ్గర గుంపు కడతారు, నా లెక్కలో చివరి మూడు ఇళ్లలాగే. వారిలో ఎవరు ఆకలితో ఉన్నారో, ఎవరు నెట్టుకొస్తున్నారో సూచిక చెప్పలేదు. పథకం అవసరమైనది ఆ గుంపులోనే.

ఈ పద్ధతిని పారేయమని నేను అనను. ఆదాయం అడగని సర్వేలో, వేల ఇళ్లను ఐదు గుంపులు చేసి, ఏ గుంపు పిల్లలు బడికి వెళ్తున్నారు, ఏ గుంపు తల్లులు ఆస్పత్రిలో ప్రసవిస్తున్నారు అని పోల్చడానికి ఇది పనికొస్తుంది. అందుకే పుట్టింది. ఒక కులాన్ని, ఒక మతాన్ని, ఒక కుటుంబాన్ని "నీకు అక్కరలేదు" అని పక్కకు నెట్టడానికి పుట్టలేదు. ఫిల్మర్, ప్రిచెట్‌ల లెక్కలోనే ఆ ఒక్క స్కోరు ఇళ్ల మధ్య తేడాలో సుమారు నాలుగో వంతును మాత్రమే పట్టుకుంది. మిగిలిన మూడు వంతులు స్కోరు బయటే ఉన్నాయి. మా సమావేశంలో చూపిన పట్టికలో ఈ అంకె లేదు.

తెలంగాణలో ఇంటింటి సర్వే కొత్త కాదు. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో నేనూ ఫారాలు మోశాను. 2024 నవంబరులో మళ్లీ ఇల్లిల్లూ తిరిగారు. ఇన్ని ఇళ్ల వివరాలు చేతిలో ఉన్నప్పుడు వాటిని ఒక్క అంకెగా దంచాలన్న కోరిక ఎవరికైనా పుడుతుంది. పుట్టినప్పుడు మనం అడగవలసింది బరువుల పట్టిక. ఏ వస్తువుకు ఎంత ఇచ్చారు? భూమికి, బర్రెకు, మేకకు మైనస్ ఉందా? ఉంటే ఒక పరీక్ష చేయించండి: అన్నీ సమానంగా ఉండి భూమిలో మాత్రమే తేడా ఉన్న రెండు ఇళ్లు తీసుకుని, ఏది పైన నిలిచిందో చూడమనండి. భూమి ఉన్న ఇల్లు కింద నిలిస్తే ఆ సూచిక సంపదను కొలవడం లేదు. భూమిని జాబితా నుంచి తీసేస్తే జబ్బు నయమైందని చెప్పేవారుంటారు. తీసేస్తే మూడో ఇల్లు, మొదటి ఇల్లు సమానమవుతాయి, భూమి లేమి అసలే కనబడదు. దాన్ని స్కోరులో కలపకుండా పక్కన వేరే గడిలో, ఎకరాలతో సహా చూపాలి. దాని పక్కన ఇల్లు సొంతమా అద్దెదా, బాకీ ఎంత, కుట్టుమిషన్ మీద కుట్టేది ఎవరి బట్టలు అన్న గడులు ఉండాలి.

వచ్చే సమావేశానికి ఆ ఎనిమిది ఇళ్ల లెక్క ఒక తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్తున్నాను. ఆ యువ అధికారిని కూడిక తప్పు పట్టమంటాను. తప్పు పట్టలేకపోతే, మా బస్తీ స్కోరు వెనుక ఉన్న బరువుల పట్టిక ఇమ్మని రాతపూర్వకంగా అడుగుతాను.