మాట తెగకుండా నమస్కారం

విజయవాడ–ఏలూరు జాతీయ రహదారిని గుడివాడ–నూజివీడు రోడ్డు హనుమాన్ జంక్షన్‌లో దాటుతుంది. బస్సు మారేవాళ్లు టీ కొట్టు దగ్గర ఆగుతారు. వేసవిలో అక్కడ తరచూ నూజివీడు మామిడి మాటే. ఒక రైతు తన తోట బేరం ఎలా సాగిందో చెబుతున్నాడనుకుందాం. ముగ్గురు వింటున్నారు. కథలో వ్యాపారి ఆఖరి మాట చెప్పబోయే సమయానికి, వాళ్లకు తెలిసిన మనిషే గుడివాడ బస్సు దిగి వస్తాడు.

‘నమస్కారమండీ, అందరూ బాగున్నారా?’ అని గట్టిగా అంటే మర్యాదే. కానీ దానికి నలుగురూ జవాబివ్వాలి. ఒక్కొక్కరికీ చేయి కలిపితే ఇంకా ఆలస్యం. ‘ఏంటి సంగతి?’ అని అడిగితే రైతు కథ మొదటినుంచి ఎత్తుకోవాలి. కాసేపటికి అతను ‘ఎక్కడిదాకా వచ్చాం?’ అన్నాడంటే, మన పలకరింపు అతని మాటను తెంచిందన్నమాట.

అలాగని ఏమీ అనకుండా వెనక నిలబడటమూ బాగుండదు. బేరాల మాటల్లో వెనకనున్న మనిషి పొంచి వింటున్నట్టు ఉంటుంది, గొంతులు తగ్గిపోతాయి.

నేర్పున్నవాళ్లు రెండడుగుల దూరంలో ఆగుతారు. చెప్పేవాడి వీపు వైపు కాదు, వినేవాళ్ల కళ్లకు కనబడేచోట. చెప్పేవాడిని కాక, వినేవాళ్లలో ఒకరిని చూస్తారు. చేయి గుండెమీద పెట్టి తల కాస్త వంచుతారు. ఆ ఒక్కరూ బల్లమీద కొంచెం జరుగుతారు. ఆ జరగడమే రమ్మనడం. మనుషులు గుంపుగా నిలబడే తీరును 1970లలో పరిశీలించిన ఆడమ్ కెండన్ కూడా ఇలాంటిదే గమనించాడు: కొత్తవాడు అంచున ఆగుతాడు, లోపలివాళ్లు ఒళ్లు తిప్పి చోటిస్తే వలయంలో చేరతాడు. ఎవరూ జరగకపోతే అది నలుగురి మధ్యే ఉండాల్సిన మాట అయి ఉండవచ్చు. టీ తీసుకుని పక్క బల్లకు వెళ్లడం మేలు.

కూర్చున్నాక నోటి పలకరింపుకు తొందర లేదు. కథ ముగిసి, నవ్వో నిట్టూర్పో వచ్చాక ‘నమస్కారమండీ’ అనవచ్చు. ఆ వెంటనే తన ఊరి కబురు ఎత్తుకోకుండా, ‘అయితే రేటు ఎంతకు తెగిందండీ?’ అని అడిగితే, అంతసేపూ విన్నాడని రైతుకు తెలుస్తుంది.

పెద్దవాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఇది కుదరదు. అందరూ లేస్తారు, మాట ఆగుతుంది. అరచేత్తో కూర్చోమని సైగ చేసి, ‘కానివ్వండి’ అనడం ఆ పెద్దాయన వంతు. అయినా ఆగిన కథ దానంతటది కదలదు, చెప్పేవాడికి మొహమాటం ఉంటుంది. అప్పుడు విన్నవాళ్లలో ఎవరో ఒకరు అందుకోవాలి: ‘ఊఁ, వ్యాపారి ఏమన్నాడు మరి?’