అర్జీ యంత్రంతో రాయించినా సంతకం మనదే

తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల పల్లెల్లో బోరు నీళ్ల గొడవ కొత్తది కాదు. టెయిలింగ్ పాండ్ వల్ల నీళ్లు చెడిపోతున్నాయని రైతులు ఫిర్యాదు చేశారు, కంపెనీ కాదంది. 2019లో కాలుష్య నియంత్రణ మండలి ఆ పాండ్ అడుగు పొర గురించి నోటీసు ఇచ్చింది. ఇట్లాంటి చోట నుంచి అర్జీ పోతే అందులో ప్రతి మాటా లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు మన పిల్లలు చాలామంది అర్జీలు చాట్‌బాట్‌తో రాయిస్తున్నారు. మంచిదే, రాసిపెట్టే మనిషి కోసం మండలాఫీసు ముందర కూర్చునే పని తప్పింది. కానీ అది రాసింది రాసినట్టు ప్రింటు తీసి ఇస్తే ఏమవుతుందో చూడాలని ఒక నమూనా అర్జీ రాయించి చూసినా.

మొదటిసారి ఒక్క ముక్కే ఇచ్చినా: "మేం తుమ్మలపల్లె దగ్గర గిరిజనులం, గని వల్ల బోరు నీళ్లు పాడైనాయి, కలెక్టర్‌కు ఫిర్యాదు రాయి." గడగడా పేజీన్నర రాసింది. చదివితే బలంగానే ఉంది. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది.

అయిదో షెడ్యూల్ ప్రకారం, పెసా చట్టం ప్రకారం గ్రామసభ అనుమతి లేకుండా గని నడపకూడదని రాసింది. 1/70 చట్టాన్ని కూడా లాగింది. గిరిజనులం అన్న మాట పట్టుకుని అల్లేసింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ ప్రాంతం అంటే పాత శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న ఏజెన్సీ. కడప జిల్లాలో అట్లాంటి ప్రాంతం లేదు. మన సుగాలి తండాలు, ఎరుకల, యానాది ఇండ్లు ఇక్కడ ఎన్ని ఉన్నా పెసా, 1/70 ఇక్కడికి రావు. ఎస్టీ అనే హోదా మనిషి వెంట వస్తుంది, షెడ్యూల్డ్ ఏరియా అనేది నేలకు సంబంధించింది. ఈ తేడా తెలిసిన అధికారి ఆ ఒక్క పేరా చూపించి మొత్తం అర్జీని పక్కన పెట్టేస్తాడు. అట్రాసిటీ చట్టం మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది, కానీ నీళ్ల పరీక్ష అడిగే కాగితంలో దానికి పని లేదు.

ఇంకో తప్పు: "నీటిలో యురేనియం ప్రమాదకర స్థాయిలో ఉంది, గత ఐదేళ్లుగా క్యాన్సర్ ప్రబలింది" అని రాసింది. నేను పరీక్ష రిపోర్టు ఇయ్యలేదు, ఐదేళ్లు అనీ చెప్పలేదు. తాగే నీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కానీ మన బోరులో ఎంత ఉందో ల్యాబ్ చెప్పాల్సిందే. మైక్రోగ్రాము పోయి మిల్లీగ్రాము పడితే లెక్క వెయ్యి రెట్లు మారిపోతుంది. ఇట్లాంటి అంకె కనబడితే ముందు అడగాల్సింది: ఇది నేను ఇచ్చిందేనా?

ఇక వరస. పైన "తమరి దివ్య సముఖమునకు" అంటూ కాళ్లు పట్టుకుంది, కింద "మమ్మల్ని చంపుతున్న హంతకులు" అంది. రెండూ వద్దు. మనం వేడుకోవడం లేదు, తిట్టడమూ లేదు, ఒక పని చేయమని అడుగుతున్నాం. "గౌరవనీయులైన కలెక్టర్ గారికి" చాలు.

రెండోసారి ఇట్లా అడిగినా: "కింద నేను చెప్పినవి మాత్రమే రాయి. సర్వే నంబరు, తేదీలు, బోరు లోతు తెలియని చోట ఖాళీ వదులు. చట్టం పేరు, సెక్షన్, కొత్త అంకె చేర్చొద్దు. చూసింది వేరుగా, అనుమానం వేరుగా రాయి. వాడుక తెలుగులో, ఒక పేజీ దాటకుండా." తర్వాత కంటికి కనబడినవి ఇచ్చినా: నీళ్లు పారిన చోట మట్టి మీద తెల్లని పొర, చీనీ చెట్ల ఆకులు ఎండటం, గొడ్లు ఆ నీళ్లు తాగకపోవడం. ఆధార్, ఫోన్ నంబర్లు అందులో కొట్టలేదు, అవి ప్రింటు మీద పెన్నుతో రాసుకోవచ్చు.

ఈసారి వచ్చింది పనికొచ్చింది, ఒక్క వాక్యం తప్ప. "తగు చర్యలు తీసుకోగలరు" అని ముగించింది. ఆ మాటకు ఏ జవాబైనా సరిపోతుంది, "పరిశీలించాం" అన్నా సరే. దాన్ని కొట్టేసి నేనే రాసినా: "మా ఎదుట బోరు నుంచి నీటి నమూనా తీసి, యురేనియంతో సహా పరీక్ష చేయించి, రిపోర్టు నకలు మాకు రాతపూర్వకంగా ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలికి, భూగర్భ జల శాఖకు ఈ అర్జీ పంపాలి."

ఆఖరున ఇంట్లో పెద్దాయనకు గట్టిగా చదివి వినిపించాల. ఆకులు ఎండింది ఉగాదికి ముందా తర్వాతా అనేది యంత్రానికి తెలీదు, ఆయనకు తెలుసు. ఆయన "అట్ల కాదు నాయనా" అన్న చోటల్లా దిద్దుకుని, సోమవారం గ్రీవెన్స్‌కు రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, రసీదు నంబరు వేయించుకోండి.