పంపింగ్ 66 అంటే గుండె బాగున్నట్టు కాదు

ఆయాసంతో వచ్చిన మనిషికి ఎకో తీయగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ‘పంపింగ్ ఎంత సార్?’ అరవై దాటిందంటే అందరి మొహాలూ తేటపడతాయి. గుండె బాగుంది, ఇంకెక్కడో లోపముంది అనుకుని లేచిపోతారు. ఈ నమ్మకం రోగులకు పుట్టిందేమీ కాదు. రిపోర్టు కింద ఆ ఒక్క అంకె వేసి, పక్కన ‘నార్మల్’ అని రాసి చేతికిచ్చే డాక్టర్లమైన మేమే దాన్ని నేర్పాం. అది తప్పు. ఆ తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది.

మొన్నటి ఏడాది ఒక రాత్రి మా వార్డుకు 38 ఏళ్ల వ్యవసాయ కూలీని తీసుకొచ్చారు. గర్భసంచిలో గడ్డల వల్ల నాలుగేళ్లుగా నెలసరి విపరీతంగా అవుతోంది. రెండు నెలలుగా కాళ్ల వాపులు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వేరే ఆసుపత్రిలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 3.8 ఉంది, ఎకోలో పంపింగ్ 66. ‘గుండెకేం కాలేదు, రక్తం తక్కువ, అంతే’ అన్నారు. ఆ సాయంత్రమే రెండు ప్యాకెట్ల రక్తం ఒకదాని వెంట ఒకటి గబగబా ఎక్కించారు. రాత్రి పదకొండింటికి ఆమె పడుకోలేక లేచి కూర్చుంది. దగ్గితే గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది. ‘గుండె బాగుందన్నారు గదా సార్, మరి ఇదేంటి?’ అని వాళ్ల అన్న నిలదీశాడు. అడగవలసిన ప్రశ్నే.

పంపింగ్ శాతం చెప్పేది ఒకటే: గుండె ఒక దెబ్బకు తనలో నింపుకున్న రక్తంలో ఎంత వంతు బయటికి తోసింది అని. నిమిషానికి మొత్తం ఎన్ని లీటర్లు తోస్తోందో అది చెప్పదు. ఒంటికి ఎన్ని లీటర్లు కావాలో అసలే చెప్పదు. గుండెపోటు వచ్చి కండరం దెబ్బతిన్నవాళ్లలో ఆ అంకె ఎంతో విలువైనది, మందులు నిర్ణయించేది అదే. కానీ కండరం బాగానే ఉండి, దాని మీద మోయలేని పని పడినవాళ్లలో ఆ అంకె మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది.

ఆ పని ఎంతో లెక్క వేసి చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషి లీటరు రక్తంలో 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. గుండె నిమిషానికి 5 లీటర్లు తోస్తే ఒంటికి అందేది 1000. ఊరికే కూర్చున్నా ఒళ్లు వాడుకునేది 250. అంటే పావు వంతు వాడుకుని మిగతాది వెనక్కి పంపేస్తుంది. అదే హిమోగ్లోబిన్ 4కి పడిపోతే లీటరులో ఉండేది 53 మాత్రమే. 5 లీటర్లు తోస్తే 265 అందుతుంది. రక్తంలోని ఆక్సిజన్‌ను చివరి చుక్క దాకా పిండుకోవడం ఏ అవయవం వల్లా కాదు కాబట్టి ఇది బతకడానికి చాలని లెక్క. అందుకే గుండె రెట్టింపు తోయాలి. పగలూ రాత్రీ, నిద్రలో కూడా.

ఇంత తోసినా కాళ్లకు నీరెందుకు పడుతుంది? అసలు కిటుకు ఇక్కడుంది. రక్తం పలచబడి, చిన్న రక్తనాళాలు వెడల్పుగా తెరుచుకోవడంతో ధమనుల్లో ఒత్తిడి నిలవదు. మూత్రపిండాలకు అది రక్తం కారిపోతున్నట్టే తోస్తుంది. వెంటనే ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఆ నీరు సిరల్లో పేరుకుని మెడ నరాలు ఉబ్బుతాయి, కాళ్లు వాస్తాయి. ఇది ఊహ కాదు. చండీగఢ్ పీజీఐలో ఇందర్ ఆనంద్ బృందం తీవ్ర రక్తహీనత ఉన్న రోగుల ఒంట్లోని నీటినీ, సోడియాన్నీ, హార్మోన్లనూ కొలిచి 1993లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించింది.

కాబట్టి ఆ మనిషి ఒంట్లో రక్తం పలచన, కానీ నాళాలు ఖాళీగా లేవు, నిండి ఉన్నాయి. ప్రమాదంలో రక్తం పోయినవాడికీ ఈమెకూ ఉన్న తేడా అదే. నిండిన కుండలో ఇంకో అర లీటరు గబగబా పోస్తే అది పొర్లేది ఊపిరితిత్తుల్లోకే. ‘గుండె బాగుంది’ అన్న ఒక్క మాట ఆ జాగ్రత్తను తీసేసింది.

చేయవలసింది వేరు. తల వైపు ఎత్తి పడుకోబెట్టి, ఒక్కటే ఎర్ర కణాల ప్యాకెట్, మూడున్నర నాలుగు గంటల మీద సన్నగా, ముందే నీరు దిగే ఇంజెక్షన్ ఇచ్చి ఎక్కించాలి. ప్యాకెట్‌ను నాలుగు గంటలు మించి బయట ఉంచకూడదు. అంతకన్నా నెమ్మదిగా ఎక్కాలంటే బ్లడ్ బ్యాంకును అడిగి సగం సగం చేయించుకోవాలి. అది అయ్యాక నాడి, ఊపిరి, ఊపిరితిత్తుల చప్పుడు మళ్లీ చూసి, రెండోది అవసరమా అని అప్పుడు ఆలోచించాలి. ఒక్క రోజులో 10కి తేవాలన్న తొందర వద్దు. ప్రమాదం దాటించడానికి 6, 7 చాలు, మిగతాది ఐరన్‌తో, రక్తం పోయే దారి మూయడంతో వస్తుంది. బలహీన గుండెకు ఇచ్చే, రక్తనాళాలు వదులు చేసే మాత్రలు అలవాటుగా మొదలుపెట్టడమూ ఇక్కడ చెరుపే. ఆ నాళాలు ఇప్పటికే వదులై ఉన్నాయి.

ఇది పసిగట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గుండె బలహీనమైనవాడి చేతులు చాలాసార్లు చల్లగా ఉంటాయి, నాడి సన్నగా కొడుతుంది. ఈమె అరచేతులు వెచ్చగా ఉన్నాయి, నాడి వేలిని ఎగదన్నుతోంది. నిమిషానికి 114, బీపీ 118/46. పై అంకెకూ కింది అంకెకూ మధ్య అంత ఎడం, ఉబ్బిన మెడ నరాలు, వాచిన కాళ్లు కలిసి కనిపించాక పంపింగ్ ఎంతైతేనేం?

థైరాయిడ్ మితిమీరినా గుండె మీద పడే బరువు ఇలాంటిదే. డయాలిసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపినవాళ్లలో, ఆ కలయిక మరీ పెద్దదైతే, కాలువకు గండి పడినట్టు రక్తం ఒంటికి పారకుండా నేరుగా వెనక్కి తిరుగుతుంది. డాక్టరు దాన్ని కొద్దిసేపు నొక్కిపట్టినప్పుడు నాడి వేగం తగ్గితే అనుమానం బలపడుతుంది. ఫిస్టులా ఎంత గట్టిగా అదిరితే అంత మంచిదని మురిసిపోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఒక హద్దు కూడా చెప్పాలి. హిమోగ్లోబిన్ 8, 9 ఉన్న మనిషికి గుండె వైఫల్యం వస్తే ఆ నెపం రక్తహీనత ఒక్కదాని మీదే వేయకండి. ఆరోగ్యమైన గుండె దాన్ని మోయగలదు. కవాటమో, కండరమో, ఇంకేదో ముందే చెడి ఉంటుంది, వెతకాలి.

ఎకో తీసే నా తోటివాళ్లను అడిగేది ఒక్కటే. అదే మెషిన్ మీద, ఇంకో రెండు నిమిషాల్లో లీటర్లు కూడా తేలతాయి. మర్నాడు ఉదయం మేము ఆమెకు చూశాం. గుండె నుంచి రక్తం బయటపడే దారి వైశాల్యం 2.8 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో దెబ్బకు రక్తం ముందుకు సాగే దూరం 28 సెంటీమీటర్లు. రెండూ గుణిస్తే దెబ్బకు 78 మిల్లీలీటర్లు. 114 దెబ్బలతో గుణిస్తే నిమిషానికి దాదాపు 9 లీటర్లు. ఇది రిపోర్టులో రాయండి. ఆయాసమూ వాపులూ ఉన్నవాళ్లకు తప్పకుండా రాయండి.

ఆరు వారాలకు ఆమె తిరిగి వచ్చింది. హిమోగ్లోబిన్ 10.4. వాపు లేదు, మెట్లెక్కి వచ్చింది. గుండె ఇప్పుడు తోస్తున్నది నిమిషానికి 5 లీటర్లు. పంపింగ్ 65.