మద్దతు ధర పెరిగింది సరే, అందుకునేది ఎవరు?

2025-26 ఖరీఫ్‌కి మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు అని టీవీలో చెప్పగానే మనోళ్లు చాలామంది ఇక షావుకారు కూడా అంతే ఇస్తాడనుకున్నారు. అది తప్పు. ఆ ధరకి కొంటానని చెప్పింది ప్రభుత్వం. అంతకంటే తక్కువకి కొనకూడదని బయట వ్యాపారిని ఆపే చట్టం దేశంలో లేదు. 2020లో ఢిల్లీ పొలిమేరల్లో రైతులు కూర్చున్నప్పుడు అడిగినవాటిలో అదీ ఒకటి.

అంటే కొనుగోలు కేంద్రం దాకా వెళ్లిన ధాన్యానికే ఆ ధర. 2015లో శాంతకుమార్ కమిటీ ఏం చెప్పిందో తెలుసా? దేశం మొత్తం మీద సర్కారు సంస్థలకి నేరుగా అమ్మి లాభపడింది వందలో ఆరుగురు రైతులేనట.

ఒక లెక్క చూడండి. మీ కళ్లంలో 80 కిలోల బస్తాలు 30, అంటే 24 క్వింటాళ్లు ఉన్నాయి. తేమ 20 శాతం. కేంద్రంలో 17 దాటకూడదు. షావుకారు వచ్చి, పచ్చి ధాన్యం కదా, క్వింటాకి 2,000 అన్నాడనుకుందాం. మీకు 48,000 వస్తుంది. అదే ధాన్యం 17కి ఆరితే తూకం తగ్గి సుమారు 23 క్వింటాళ్ల 13 కిలోలు అవుతుంది. మద్దతు ధరకి దాని విలువ దగ్గర దగ్గర 54,800. తేడా 6,800. ఆరబెట్టిన కూలి తీసేసినా చిన్న డబ్బు కాదు. ఆ ధాన్యమే షావుకారు ఆరబెట్టి ఇంకో రైతు పేరు మీద కేంద్రానికి పంపితే ఆ 6,800 ఎవరి జేబులోకి పోయినట్టు? పేపర్లో మాత్రం రైతుకి మద్దతు ధర అందిందనే వస్తుంది.

కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం. ఈ-పంటలో భూమి యజమాని పేరుంటే, చెమటోడ్చినవాడికి కేంద్రంలో అమ్ముకునే దారే మూసుకుపోతుంది. అప్పిచ్చిన షావుకారుకే తూచాలి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపకి మద్దతు ధర లేదు. అయినా అక్కడ పాట నలుగురి ముందు జరుగుతుంది, ఎవడు ఎంతకి పాడాడో అందరికీ వినిపిస్తుంది. మన కళ్లంలో ధర చెప్పేది ఒక్కడే. ఇంకో సంగతి, చేప ఆగదు. ధాన్యం ఆగుతుంది, కానీ ఆరితేనే ఆగుతుంది. మనకున్న బలం అదొక్కటే. టార్పాలిన్ లేక, అప్పు తీర్చే తొందరలో ఆ బలాన్ని మనం పచ్చి ధాన్యంతో పాటే అమ్మేస్తున్నాం.

అందుకే ధర ఎంత పెంచారని చంకలు గుద్దుకోవడం కాదు, గ్రామసభలో ఈ మూడు అడగండి. కోతలకి ముందే కేంద్రం తెరుస్తారా? టార్పాలిన్లు, సంచులు, తేమ మిషను అప్పటికి ఉంటాయా? ఈ-పంటలో సాగు చేసేవాడి పేరు ఎక్కిందా? వీటికి జవాబు లేకపోతే 2,369 కాదు, 3,000 అని ప్రకటించినా అది మనది కాదు.