వేసవి నెలల జీతం

టీచరుద్యోగం ఆడవాళ్లకు అనువైనదంటారు. ఎవరికి అనువు? డీయస్సీ రాసి ప్రభుత్వ బడిలో చేరిన స్త్రీకి ఎన్నికలు, జనాభా లెక్కల చాకిరీ తప్పకపోయినా మే నెలలోనూ జీతం వస్తుంది.

చాలా ప్రైవేటు బడుల్లో ఏప్రిల్‌తో జీతం ఆపేసి, జూన్‌లో కొత్త నియామక పత్రం చేతికిస్తారు. నేను మాట్లాడిన టీచర్లు దీన్ని రెండు నెలల నష్టంగానే చెప్పారు. నిజానికి కోత పడేది సర్వీసుకు. అయిదేళ్లు నిండిన ప్రైవేటు టీచర్లకూ గ్రాట్యుటీ వర్తింపజేసిన 2009 సవరణను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. నెలకు 12,000 రూపాయల మూలవేతనంతో ఆరేళ్లు చేసి మానేసిన టీచరు సంగతి చూడండి. జీతాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున లెక్కిస్తే ఆమెకు 41,538 రూపాయలు రావాలి. 'మీది ఏటా కొత్త ఉద్యోగమే కదా' అంటుంది యాజమాన్యం. ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగిపోదన్నది చట్టంలోని మాట. దాన్ని నిలబెట్టేవి ఆరేళ్ల నియామక పత్రాలు, జీతం పడిన పాసుపుస్తకం. ఒరిజినల్ సర్టిఫికెట్లే యాజమాన్యం బీరువాలో ఉంచుకునే చోట ఇవి దాచుకోవడం చిన్న పనేమీ కాదు.

ట్యూషన్ కంపెనీలో గంట లెక్కన డబ్బు ఎక్కువే కనిపిస్తుంది. అయితే కాగితంలో 'కన్సల్టెంటు' అని ఉండి, పీఎఫ్‌కు బదులు పది శాతం పన్ను కోస్తుంటే ఆమెను ఉద్యోగిగా లెక్కించడం లేదన్నమాట. పిల్లలు తగ్గితే గంటలు తగ్గుతాయి. ప్రసూతి సెలవు అడిగితే, మీకు మేం యజమానులమే కాదంటారు.