100 వాటాలు 675 అయిన లెక్క

విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకు మల్కాపురం వైపు కనిపించే చమురుశుద్ధి కర్మాగారం పొగగొట్టాలు కొత్తేమీ కాదు. 1957లో కాల్టెక్స్ వారు పెట్టిన ఆ కర్మాగారం ఇప్పుడు హిందుస్తాన్ పెట్రోలియం వారిది. మా ఊరి ఉక్కు కర్మాగారంలో వాటా కొందామన్నా బజారులో దొరకదు గాని, పెట్రోలియం వారి వాటాలు ఎవరైనా కొనుక్కోవచ్చు.

మాకు రెండిళ్ళ అవతల ఉండే పోర్టు పెన్షనరు గారు అలాగే 2016 మొదట్లో 100 వాటాలు కొని ఊరుకున్నారు. ఆ ఏడే కంపెనీ ఒక వాటాకు రెండు చొప్పున బోనస్ ఇచ్చింది. 100 కాస్తా 300 అయ్యాయి. 2017లో రెండింటికి ఒకటి ఇచ్చింది, 450 అయ్యాయి. 2024లో మళ్ళీ రెండింటికి ఒకటి, 675.

"పైసా పెట్టలేదండీ! ఆస్తి ఆరింతల పైన పెరిగినట్టే కదూ?" అన్నారాయన మీసం సవరించుకుంటూ.

ఆయన సంతోషం నాకూ ఇష్టమే. కాని లెక్క వేరు. బోనస్ ఆయన ఒక్కరికే ఇవ్వలేదు, ఉన్న ప్రతి వాటాకూ ఇచ్చారు. 2016 మొదట్లో కంపెనీ వాటాలన్నీ కలిపి 33.86 కోట్లు. 2017 బోనస్ అయ్యేసరికి అవి 152.38 కోట్లు. ఈయనవి నాలుగున్నర రెట్లు, కంపెనీవీ నాలుగున్నర రెట్లు. అంటే కర్మాగారంలో ఈయన భాగం వెంట్రుకవాసి కూడా కదలలేదు.

2024 బోనస్‌లో జరిగిందేమిటంటే, ఖాతా పుస్తకంలో నిధులు అన్న పద్దు నుంచి సుమారు 709 కోట్ల రూపాయలు మూలధనం అన్న పద్దులోకి మార్చారు. ఒక్క రూపాయి కంపెనీలోకి రాలేదు, ఒక్క రూపాయి బయటికి పోలేదు. అందుకే బోనస్ రోజున బజారు ధర తగ్గుతుంది. వాటా 480 రూపాయలుంటే, రెండింటికి ఒకటి ఇచ్చాక 320 అవుతుంది. రెండు 480లూ 960, మూడు 320లూ 960. మర్నాడు పత్రికలో ధర చూసి గుండె బాదుకోనక్కరలేదు.

స్ప్లిట్ ఇంతకంటే సులువు. మన విశాఖలోనే ఎరువులు చేసే కోరమాండల్ వారు 2010లో రెండు రూపాయల ముఖవిలువ వాటాను ఒక్కో రూపాయివి రెండుగా చీల్చారు. అక్కడ నిధుల జోలికి కూడా పోరు. నోటు ఇచ్చి చిల్లర పుచ్చుకున్నట్టే. ఒక్కో వాటా ధర తగ్గి, కొద్ది డబ్బున్న వాళ్ళు కొనడానికి వీలవుతుంది, అంతే.

మరి ఆయన భాగం ఎన్నడూ పెరగలేదా? పెరిగింది, ఆయన గమనించనప్పుడు. 2020 నవంబరులో కంపెనీ బజారులో తన వాటాలు తానే కొనడం మొదలుపెట్టింది. వాటాకు 250 రూపాయలు మించకుండా, మొత్తం 2,500 కోట్లకు మించకుండా అని హద్దు. కొన్నవాటిని రద్దు చేశారు. 152.38 కోట్ల వాటాలు 141.85 కోట్లయ్యాయి. ఈయన అమ్మలేదు గనుక 450 అలాగే ఉన్నాయి. భాగం మాత్రం నూటికి ఏడు పైచిలుకు పెరిగింది. పెద్ద వాటాదారు ఓ.ఎన్.జి.సి. కూడా అమ్మలేదు. వారి భాగం 51.11 శాతం నుంచి 54.90 శాతానికి పోయింది.

అయితే ఇది ఉచితం కాదు, కంపెనీ సొమ్ము బయటికి పోయింది. లాభమో నష్టమో కొన్న ధరను బట్టి ఉంటుంది. 10,000 రూపాయల విలువగల కంపెనీకి 100 వాటాలున్నాయనుకోండి, ఒక్కొక్కటి 100. పది వాటాలు 60 చొప్పున కొంటే 9,400 మిగిలి, ఉన్న 90 వాటాలకు తలా 104 పైన వస్తుంది. 150 పెట్టి కొంటే మిగిలేది 8,500. తలా 94 చిల్లర. అప్పుడు లాభం అమ్మి వెళ్ళిపోయినవాడిది, నష్టం నమ్మి కూచున్నవాడిది. కాబట్టి బైబ్యాక్ అనగానే చప్పట్లు కొట్టేవారిని నేను నమ్మను; ఏ ధరకు అని అడుగుతాను.

పెన్షనరు గారు కాస్త చిన్నబోయారు గాని, అమ్మేటప్పటి పన్ను సంగతి అడిగారు. అదీ తెలుసుకోదగ్గదే. బోనస్ వాటాకు కొన్న ధర సున్నా అని లెక్క. కాని 2018 జనవరి 31 నాటికి చేతిలో ఉన్న 450 వాటాలకు ఆనాటి బజారు ధరను, అమ్మిన ధర మించకుండా, కొన్న ధరగా చూపుకోవచ్చు. 2024లో వచ్చిన 225కి ఆ వెసులుబాటు లేదు. అమ్మిన సొమ్మంతా లాభమే. డీమాట్ ఖాతాలో ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్కిస్తారు గనుక, ఆయన మొదటి 450 అమ్మేదాకా ఆ సున్నా లెక్క ఆయన జోలికి రాదు.