సగం మాత్ర, పదహారు గంటలు

వేసవి వచ్చిందంటే మా క్లినిక్‌కి జబ్బు లేని పేషెంట్లు కొందరు వస్తారు. చేతిలో వీసా పడ్డ పాస్‌పోర్టు ఉంటుంది. కూతురి పురిటికో, కొడుకు గృహప్రవేశానికో అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలు వాళ్లు. బీపీకీ షుగరుకీ ఆరు నెలల మందులు రాయించుకుని, లేవబోతూ అసలు సంగతి అడుగుతారు. "డాక్టరు గారూ, విమానం ఎక్కగానే వేసుకుంటే దిగేదాకా మెలకువ రాని మాత్ర ఏదైనా రాస్తారా? మా పక్కింటావిడ పోయినేడు అలాగే హాయిగా వెళ్లొచ్చింది."

పక్కింటావిడ వేసుకున్నది చాలాసార్లు ఆల్ప్రాజోలం అయి ఉంటుంది. కాకపోతే క్లోనజెపాం, జోల్పిడెం. అవేవీ దొరక్కపోతే మత్తు వచ్చే అలర్జీ మాత్ర. కొన్నేళ్ల కిందటి వరకూ నేనూ "సగం వేసుకోండి చాలు" అని రాసిచ్చేవాణ్ణి. ఇప్పుడు రాయడం లేదు. ఎందుకు మానేశానో చెప్పాలంటే ఒక టీచరమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ పేరూ ఊరూ అవసరం లేదు.

వయసు 64. రిటైరయ్యారు. కొంచెం భారీ మనిషి, రెండు మోకాళ్లూ అరిగాయి. హైదరాబాద్ నుంచి దోహా నాలుగు గంటల పైచిలుకు, అక్కణ్ణుంచి డల్లాస్ దాదాపు పదహారు గంటలు. అమ్మ ఇబ్బంది పడకూడదని కూతురు రెండు ఏర్పాట్లు చేసింది. కిటికీ పక్క సీటు, ఎయిర్‌పోర్టుల్లో వీల్‌చైరు. వీల్‌చైరు మోకాళ్ల కోసం కంటే భాష కోసం. దోహాలో గేటు వెతుక్కోలేక తప్పిపోతుందేమోనని భయం. మన పెద్దవాళ్లలో చాలామంది వీల్‌చైరు అడిగేది ఇందుకే. కానీ దాంతో రెండు విమానాల మధ్య ఎలాగూ నడవాల్సిన అరకిలోమీటరు నడక కూడా పోతుంది.

దోహాలో విమానం ఎక్కగానే ఆవిడ చెల్లెలు ఇచ్చిన ఆల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నారు. భోజనం కూడా ముట్టకుండా నిద్రపోయారు. తొమ్మిది గంటలు. మధ్యలో ఒక్కసారి లేవలేదు. పక్కన ఇద్దరు ప్రయాణికులు. వాళ్లని లేపి బాత్రూముకి వెళ్లడం మొహమాటమని ముందునుంచే నీళ్లు తగ్గించుకున్నారు. దిగేసరికి రెండు పాదాలూ ఉబ్బాయి. మర్నాటికి తగ్గాయి. నాలుగో రోజు ఎడమ పిక్కలో నొప్పి మొదలైంది. నరం పట్టేసిందనుకుని కొబ్బరినూనె వేడిచేసి గట్టిగా మర్దన చేసుకున్నారు. కూతురికి చెప్పలేదు. అక్కడ ఆసుపత్రి అంటే ఎంత ఖర్చో విని ఉన్నారు కదా! తొమ్మిదో రోజు మేడ మెట్లెక్కుతుంటే ఊపిరి ఆడలేదు, గట్టిగా గాలి పీలిస్తే పక్కటెముకల్లో పోటు. అంబులెన్సులో తీసుకెళ్లారు. డాప్లర్ స్కాన్‌లో మోకాలి వెనక సిరలో గడ్డ కనిపించింది, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో దాని ముక్కలు. బతికారు. మూడు నెలలు రక్తం పలచబరిచే మందులు వాడి తిరిగొచ్చారు.

ఆ గడ్డకి మాత్ర ఒక్కటే కారణమని నేను అనను. వయసుంది, బరువుంది, కిటికీ సీటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు చూసినప్పుడు కిటికీ పక్క కూర్చున్నవాళ్లకి నడవ పక్కవాళ్ల కంటే ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. లేవడానికి బద్ధకించేది వాళ్లే. ఇన్ని ముప్పుల మధ్య ఆవిడకి మిగిలిన రక్షణ ఒక్కటే, ఇబ్బంది అనిపించినప్పుడు ఒళ్లు కదలడం. మాత్ర ఆ ఒక్కదాన్నీ తీసేసింది.

కాళ్లలోని రక్తాన్ని పైకి ఎక్కించేది గుండె ఒక్కటే కాదు. పిక్క కండ బిగిసినప్పుడల్లా లోపలి సిరను పిండుతుంది, సిరలో ఉన్న కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు. అడుగు వేసినప్పుడల్లా ఒక పంపు కొట్టినట్టు. కూర్చుని ఉంటే ఆ పంపు ఆగుతుంది. సీటు అంచు మోకాలి వెనక నొక్కితే దారి ఇంకా ఇరుకవుతుంది. నిలవ ఉన్న రక్తం కవాటాల మూలల్లో పేరుకోవడం మొదలుపెడుతుంది. మామూలు కునుకులో మనిషి తెలియకుండానే కాలు మారుస్తాడు, తొడ తిమ్మిరెక్కితే ఉలిక్కిపడి లేస్తాడు. మత్తులో ఆ తిమ్మిరి మెదడుకి వినపడదు. కూర్చున్న భంగిమలోనే గంటలు గడుస్తాయి.

ఇది విమానాలతో వచ్చిన జబ్బు కాదు. 1940లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా షెల్టర్లలో మడత కుర్చీల్లో కూర్చునే నిద్రపోయేవారు. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి హఠాత్తుగా చనిపోతున్నవారు ఒక్కసారిగా పెరిగారని కీత్ సింప్సన్ అనే పాథాలజిస్టు గమనించాడు. కుర్చీ అంచు తొడల కింద నొక్కుతోందని గుర్తించి, కుర్చీలు కాదు, పడుకునే బల్లలు కావాలన్నాడు. వాళ్లు ఎగరలేదు. కదలకుండా కూర్చుని నిద్రపోయారు, అంతే.

అందుకే మన రాత్రి బస్సులకీ ఇదే వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనంలో నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణం ఏదైనా సరే గడ్డ ముప్పును రెండు మూడు రెట్లు పెంచుతుందని చెప్పారు. కంగారుపడే ముందు అసలు అంకె కూడా చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అలాంటి విమాన ప్రయాణం చేసిన 6,000 మందిలో సుమారు ఒకరికి. అయితే మా క్లినిక్‌కి వచ్చే అమ్మలు ఆ సగటు మనుషులు కారు. మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలైనవాళ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, ఒకసారి గడ్డ వచ్చి తగ్గినవాళ్లు, హార్మోను మాత్రల మీద ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్ల లెక్క వేరు.

ఇక గాలి సంగతి. విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలిని యంత్రాలతో ఒత్తి ఉంచుతారు. కానీ నేల మీద ఉన్నంత ఒత్తి ఉంచరు. ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఎంత పలచగా ఉంటుందో, అంతవరకు పలచబడనిస్తారు. మన హార్స్‌లీ హిల్స్‌కి దాదాపు రెండింతలు, ఊటీ కంటే కాస్త పైన. ఆరోగ్యవంతుడికి వేలికి ఆక్సీమీటరు పెడితే 97 ఉన్నది 92, 93కి దిగుతుంది. కోవిడ్ రోజుల్లో ఆ అంకె చూసి పరుగెత్తినవాళ్లం. విమానంలో మాత్రం తెలియదు, మేలుకుని ఉంటే శరీరం కాస్త లోతుగా ఊపిరి తీసి సర్దుకుంటుంది.

నిద్రలో ఆ సర్దుబాటు తగ్గుతుంది. మత్తు మాత్ర ఊపిరిని ఇంకా మందగింపజేస్తుంది, గొంతు కండరాల్ని వదులు చేస్తుంది. గురక పెట్టేవాళ్లకి దారే మూసుకుపోతుంటుంది. జర్మనీలోని కొలోన్‌లో 48 మంది ఆరోగ్యవంతులైన పడుచువాళ్ల మీద జరిపిన పరీక్ష 2024లో వెలువడింది. విమానంలో ఉండేంత పలచని గాలిలో నాలుగు గంటలు నిద్రపోతే ఆక్సిజన్ 88 దగ్గరికి, కాస్త మద్యం తాగి నిద్రపోతే 85 దగ్గరికి దిగింది. గుండె వేగం నిమిషానికి 73 నుంచి 88కి పెరిగింది. అది మద్యం పరీక్షే, మాత్ర పరీక్ష కాదు. కానీ ఆల్ప్రాజోలం జాతి మందులూ మద్యమూ మెదడులో నిద్ర పుచ్చేది చాలావరకు ఒకే దారిలో. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆస్తమా, సీఓపీడీ, గుండె నీరసం ఉన్నవాళ్లు 92 దగ్గరే బయల్దేరితే ఎక్కడికి దిగుతారో ఊహించండి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పలచని గాలే రక్తాన్ని గడ్డకట్టిస్తుందని చాలామంది అంటారు. 2006లో ఇంగ్లండులో 73 మంది ఆరోగ్యవంతుల్ని ఎనిమిది గంటలు అలాంటి గాలిలో కూర్చోబెట్టి చూస్తే రక్తంలో అలాంటి మార్పేమీ కనపడలేదు. గడ్డకి ప్రధాన దోషి కదలకపోవడమే. గాలి చేసే చెడు వేరు, ఊపిరికి. మత్తు మాత్ర ఈ రెంటికీ ఒకేసారి తోడవుతుంది. బ్రిటన్‌లో చాలామంది ఫ్యామిలీ డాక్టర్లు విమాన భయానికి డయాజెపాం రాయడం మానేసిన కారణాల్లో ఇవీ ఉన్నాయి.

వేళ కూడా లెక్క చూడండి. ఆల్ప్రాజోలం సగం ఒంట్లోంచి పోవడానికి 11 గంటలు పడుతుంది, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువ. డయాజెపాం రోజుల తరబడి ఉంటుంది. దిగాక ఇమ్మిగ్రేషన్ వరుసలో తూలేది, అడిగినదానికి తికమక పడేది ఇందుకే. దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ ఈ మాత్రలు నియంత్రిత మందులు. ముందస్తు అనుమతీ డాక్టరు చీటీ లేకుండా, పక్కింటావిడ ఇచ్చిన స్ట్రిప్పు చేతిసంచిలో పెట్టుకుని వెళ్లడం చట్టంతో చిక్కు.

మాత్రకి బదులు నేనిప్పుడు రాసేది నడవ పక్క సీటు. గంటకో గంటన్నరకో ఒకసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రావడం. కూర్చున్నప్పుడు అరగంటకోసారి మడమ నేలకి ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇరవై సార్లు. కుట్టుమిషను తొక్కినట్టు అని చెబితే మా అమ్మలకి వెంటనే అర్థమవుతుంది. ముప్పు ఎక్కువున్నవాళ్లకి మోకాలి కింది వరకే వచ్చే బిగుతు మేజోళ్లు, పిక్క చుట్టుకొలత టేపుతో కొలిచి. పైన ముడతపడి బిగిసే మేజోడు మేలు కంటే కీడే చేస్తుంది. గతంలో గడ్డ వచ్చినవాళ్లకి ఒక్కోసారి ప్రయాణానికి రక్తం పలచబరిచే మందు అవసరమవుతుంది, అది డాక్టరు నిర్ణయించాలి. ఆస్ప్రిన్ వేసుకుంటే చాలని వాట్సాప్‌లో వచ్చేది నమ్మకండి. అది ప్రధానంగా ధమనుల్లో గడ్డలకి, సిరల్లో గడ్డకి దాని మీద ఆధారపడలేం. ఎక్కితే చెమటలు పట్టేంత నిజమైన భయం ఉన్నవాళ్లు టికెట్టు కొన్న రోజే మానసిక వైద్యుణ్ణి కలవాలి, ప్రయాణం ముందురోజు కాదు. నిద్ర వస్తే పడుకోండి, మామూలు నిద్రకి నేను అడ్డు చెప్పను. అది మిమ్మల్ని లేపుతుంది.

అక్కడ టికెట్లు బుక్ చేస్తున్న పిల్లలకి నా విన్నపం. అమ్మకి కిటికీ సీటు వద్దు. వీల్‌చైరు భాష కోసమే అయితే, దాన్ని తోసే మనిషి పక్కన కాసేపు నడవమనండి. వచ్చాక నాలుగు వారాలు ఆవిడ కాళ్లు మీరే చూడండి, అడిగితే బాగానే ఉన్నానంటుంది. రెండు పాదాలూ ఉబ్బి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే మర్దన చెయ్యనివ్వకండి, ఆ రోజే డాప్లర్ తీయించండి. ఊపిరి ఆడకపోయినా, గాలి పీలిస్తే ఛాతీలో పోటు వచ్చినా, కళ్లు తిరిగి పడినా అంబులెన్సుకి ఫోన్ చేయండి. విమానం దిగి ఎన్ని రోజులైందో డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.